తేడా లక్షా ఎనభై వేలు



పోయిన నవంబరులో ఒకరోజు, ఇంకా కాఫీ కూడా తాగలేదు, మా లెక్కల మాస్టారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తెనాలి దగ్గర హైస్కూల్లో మాకు మూడేళ్లు లెక్కలు చెప్పారాయన. రిటైరై పదేళ్లు దాటింది. నేను ఆదాయపు పన్ను రిటర్నులు వేసే పనిలో ఉన్నానని ఆయనకి తెలుసు. కానీ తన రిటర్ను మాత్రం తనే వేసుకుంటారు. లెక్కల మాస్టారు కదా, ఒకరి చేత చేయించుకోవడం ఆయనకి నచ్చదు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇన్‌కమ్‌టాక్సు వాళ్ల దగ్గర్నుంచి నోటీసొచ్చిందిరా. నేను వడ్డీ 90,000 చూపించాను. వాళ్లు 2,70,000 అంటున్నారు. తేడా లక్షా ఎనభై వేలు! నా జన్మలో అంత వడ్డీ నేను తినలేదు" అన్నారు.

గొంతులో కోపం ఉంది. కోపం కింద భయం ఉంది. ఆయన అప్పటికే రెండు పనులు ఆలోచించి పెట్టుకున్నారు. ఒకటి, ఇదంతా అబద్ధమని ఒక ఘాటైన ఉత్తరం రాసి పడేయడం. రెండోది, గొడవెందుకులే, వాళ్లడిగింది కట్టేసి చేతులు దులుపుకోవడం. నేను రెండూ వద్దన్నాను. ఈ రోజు మీకు చెప్పబోయేది ఆ రెండింటి మధ్యలో ఉన్న దారి గురించి.

ముందు ఒక మాట. పాల లెక్క మీరందరూ చూసే ఉంటారు. మనం క్యాలెండర్లో చుక్కలు పెట్టుకుంటాం. పాలు పోసే ఆవిడ తన పుస్తకంలో గీతలు గీసుకుంటుంది. నెలాఖరుకి మన క్యాలెండర్లో 26 లీటర్లు. ఆవిడ పుస్తకంలో 31 లీటర్లు. తేడా 5 లీటర్లు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఆవిణ్ణి దొంగ అనం. అలాగని అయిదు లీటర్ల డబ్బూ మారు మాట్లాడకుండా ఇచ్చేయం. ఇద్దరం కూర్చుని తేదీల వారీగా చూస్తాం. రెండు రోజులు పక్కింటి వాళ్లు మన ఖాతాలో పోయించుకున్నారు. రెండు గీతలు పొరపాటున రెండుసార్లు పడ్డాయి. ఒక రోజు చుట్టాలొస్తే మనమే ఒక లీటరు ఎక్కువ పోయించుకుని చుక్క పెట్టడం మరిచిపోయాం. అయిదు లీటర్ల తేడా ఒక్కటే, కానీ దాని వెనక ఉన్న కారణాలు మూడు.

మాస్టారి లక్షా ఎనభై వేలూ అచ్చంగా అలాంటిదే. తేడాని ఒకే ముద్దగా చూసినంతసేపూ దానికి జవాబుండదు. ముక్కలు చేస్తే ప్రతి ముక్కకీ జవాబుంటుంది.

మరి పన్ను శాఖకి ఈ పాల పుస్తకం ఎక్కడిది? మీ బ్యాంకు రాసి పంపింది. మీరు డిపాజిట్ వేసినప్పుడు పాన్ నంబరు ఇచ్చారు కదా. ఆ నంబరు కింద ఆ ఏడాది ఎంత వడ్డీ వేసిందీ, ఎంత పన్ను కోసిందీ బ్యాంకు శాఖకి తెలియజేస్తుంది. మ్యూచువల్ ఫండు వాళ్లు తెలియజేస్తారు. షేర్ల మీద డివిడెండు ఇచ్చే కంపెనీ తెలియజేస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసు తెలియజేస్తుంది. ఇవన్నీ మీ పాన్ కింద ఒకచోట చేరతాయి. దాన్నే వార్షిక సమాచార నివేదిక అంటారు. ఇంగ్లిషులో ముద్దుగా ఏఐఎస్. 2021 నవంబరు నుంచి ఇది మనకి కూడా కనిపిస్తోంది. అంతకు ముందు కోసిన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ ఒక్కటే చాలామందికి తెలుసు. ఏఐఎస్‌లో కోత పడని ఆదాయం కూడా ఉంటుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మాస్టారి కథలో దీనితో పనుంది.

శాఖ కంప్యూటరు ఒక పక్క మీ రిటర్ను పెడుతుంది. మరో పక్క ఈ నివేదిక పెడుతుంది. రెండూ కలవకపోతే మీకు ఈమెయిలో, ఫోనుకి సందేశమో పంపుతుంది. అంతే. అక్కడ ఏ అధికారీ మిమ్మల్ని అనుమానించి కూర్చోలేదు. రెండు అంకెలు కలవలేదు, ఎందుకో చెప్పండి, అనే దాని అర్థం.

మాస్టారికి నేను చెప్పిన మొదటి పని, ఆ సందేశంలో ఉన్న లింకు నొక్కొద్దని. ఈ రోజుల్లో పన్ను శాఖ పేరుతో దొంగ సందేశాలు కూడా వస్తున్నాయి. అసలుదైనా నకిలీదైనా మనం చేసే పని ఒక్కటే. మన చేత్తో మనం incometax.gov.in అని కొట్టుకుని, మన పాస్‌వర్డుతో లోపలికి వెళ్లాలి. అక్కడ ఉంటే నిజం. లేకపోతే ఆ సందేశాన్ని పట్టించుకోనక్కర్లేదు.

లోపల కూడా రెండు చోట్లు చూడాలి. ఉత్త పలకరింపు అయితే ఏఐఎస్ ఉండే కంప్లయన్స్ పోర్టల్లో ఈ-క్యాంపెయిన్ అనే చోట కనిపిస్తుంది. అది నోటీసు కాదు, నోటీసు రాకముందు వచ్చే హెచ్చరిక. అసలు నోటీసు అయితే e-Proceedings అనే చోట ఉంటుంది. దానికి డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, జవాబుకి గడువు తేదీ ఉంటుంది. శాఖ పంపే ఉత్తరాలకి 2019 అక్టోబరు నుంచి ఈ సంఖ్య పెడుతున్నారు. ఆ సంఖ్య అసలుదా కాదా అని లాగిన్ కాకుండానే పోర్టల్ మొదటి పేజీలో సరిచూసుకోవచ్చు. గడువు చాలకపోతే ఇంకొంచెం సమయం కావాలని అక్కడే అడగవచ్చు. అడక్కుండా ఊరుకోవడం మాత్రం తప్పు. జవాబు రాకపోతే అధికారి తన దగ్గరున్న అంకెనే ఖాయం చేసుకుంటాడు.

మాస్టారికి వచ్చింది మొదటి రకం. పలకరింపు. అయినా సరే, నోటీసుకి ఎలా జవాబు తయారు చేస్తామో అలాగే చేద్దామన్నాను. ఎందుకంటే పని ఒక్కటే. రేపు నిజంగా నోటీసొచ్చినా ఇదే జవాబు పనికొస్తుంది.

ఆ ఆదివారం ఆయన మా ఇంటికొచ్చారు. చేతిలో గుడ్డ సంచి. అందులో పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు, ఒక తెల్ల కాగితాల కట్ట. ఏఐఎస్ తీసి ప్రింటు వేశాం. వడ్డీ కింద వరసలు లెక్కపెట్టాం. అయిదు వరసలే ఉన్నాయి. అంత ఆందోళనా ఆ అయిదు వరసల గురించే.

"మాస్టారూ, మీరు చూపించిన 90,000 ఏవి?" అన్నాను.

రెండు బ్యాంకులు. ఒకదాంట్లో 60,000, ఇంకోదాంట్లో 30,000. రెండింటికీ వడ్డీ సర్టిఫికెట్లు ఆయన దగ్గరున్నాయి. ఆ రెండు అంకెల పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టాం. ఇక మిగిలినవే తేడా. మిగిలినవాటిని కూడితే సరిగ్గా లక్షా ఎనభై వేలు రావాలి. వచ్చింది. ఈ కూడిక మొదటే చేసుకోండి. తేడా మొత్తానికీ ముక్కలు సరిపోకపోతే, ఏదో ఒక వరస మీ కంట పడలేదన్నమాట.

మొదటి ముక్క చూశాం. 60,000. అదే బ్యాంకు, అదే బ్రాంచి, అదే అంకె. కానీ రెండుసార్లు ఉంది. ఒకసారి, పన్ను కోసినప్పుడు బ్యాంకు పంపిన లెక్కలో. ఇంకోసారి, ఎవరెవరికి ఎంత వడ్డీ ఇచ్చామో చెబుతూ ఏడాది చివర పంపిన లెక్కలో. బ్యాంకు తప్పు చేయలేదు. రెండు కాగితాలూ పంపడం దాని బాధ్యత. మామూలుగా శాఖ కంప్యూటరే ఇది ఒకే వడ్డీ అని గుర్తించి ఒకదాన్ని వదిలేస్తుంది. ఒక్కోసారి గుర్తించదు. పాలావిడ పుస్తకంలో రెండుసార్లు పడిన గీత ఇదే.

ఇక్కడ ఒక చిన్న గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. రెండు అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా అని రెండోదాన్ని మొత్తంగా కొట్టేస్తారు. కానీ ఒక్కోసారి రెండో అంకె కొంచెం ఎక్కువుంటుంది. మొదటిదాంట్లో డిపాజిట్ వడ్డీ మాత్రమే ఉంటుంది. రెండోదాంట్లో సేవింగ్స్ ఖాతా వడ్డీ కూడా కలిసి ఉండొచ్చు. ఆ ఎక్కువ వున్న కాస్తా నిజంగా మీ ఆదాయమే. కాబట్టి రెండూ అచ్చంగా ఒకటేనా కాదా అని వడ్డీ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని చూశాకే అది రెండుసార్లు పడిందని చెప్పండి. మాస్టారి విషయంలో రూపాయి తేడా లేకుండా ఒకటే.

రెండో ముక్క 96,000. ఈ వరస చూడగానే మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది మా చెల్లెలిదిరా" అన్నారు.

ఆయన చెల్లెలి భర్త పోయినప్పుడు ఆవిడకి వచ్చిన డబ్బు సుమారు పధ్నాలుగు లక్షలు. ఆవిడకి బ్యాంకు పనులు తెలియవు. అన్నయ్యే తీసుకెళ్లి డిపాజిట్ వేయించాడు. ఫారం నింపేటప్పుడు మొదటి పేరు ఆయనది రాశారు, రెండో పేరు ఆవిడది. మన ఇళ్లల్లో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. పెద్దవాడి పేరు ముందు రాయడం మర్యాద. కానీ బ్యాంకు కంప్యూటరుకి మర్యాదలు తెలియవు. జాయింటు డిపాజిట్లో మొదటి పేరు ఎవరిదో వారి పాన్ కిందే వడ్డీ రాస్తుంది, వారి పాన్ కిందే పన్ను కోస్తుంది. అలా 96,000 వడ్డీ మాస్టారి లెక్కలో పడింది. దాని మీద పది శాతం, 9,600 పన్ను కోత కూడా మాస్టారి పేరునే పడింది.

చట్టం ప్రకారం ఆ వడ్డీ ఎవరిది? డబ్బు ఎవరిదో వారిది. పేరు ముందున్నంత మాత్రాన ఆదాయం మాస్టారిదైపోదు. కానీ నోటి మాట చాలదు, చూపించాలి. ఆ పధ్నాలుగు లక్షలూ చెల్లెలి సేవింగ్స్ ఖాతాలోంచి చెక్కు ద్వారా వెళ్లాయని ఆవిడ పాస్‌బుక్కులో ఉంది. మూడు నెలలకోసారి వడ్డీ కూడా ఆవిడ ఖాతాకే వెళుతోంది. ఈ రెండు పేజీల జిరాక్సు కాపీలు తీశాం. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, వడ్డీ ఎక్కడికి పోతోంది, ఈ రెండూ చూపించగలిగితే ఆ ముక్కకి జవాబు గట్టిగా ఉన్నట్టే.

ఒక మినహాయింపు చెప్పకపోతే మీలో కొందరిని తప్పుదారి పట్టించినవాణ్ణవుతాను. మాస్టారిది అన్నాచెల్లెళ్ల వ్యవహారం. భార్యాభర్తల వ్యవహారం వేరు. భర్త తన డబ్బుతో భార్య పేరున డిపాజిట్ వేస్తే, ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుపుతారు. మైనరు పిల్లల పేరున వేసినా, కోడలి పేరున వేసినా అంతే. అక్కడ "పేరు ఆవిడది, నాది కాదు" అంటే చెల్లదు.

మాస్టారి కథలో అసలు ముడి ఇక్కడే పడింది. "మాస్టారూ, ఈ 96,000 మీది కాదంటున్నారు. మరి దాని మీద కోసిన 9,600 మీ రిటర్నులో మీ పన్నులోంచి తగ్గించుకున్నారా?" అన్నాను.

రిటర్ను తీసి చూశారు. తగ్గించుకున్నారు. ఆయన కావాలని చేయలేదు. రిటర్ను ఫారంలో కోత వివరాలు ముందే నింపి ఉంటాయి. ఉన్నవి ఉన్నట్టు ఒప్పేసుకున్నారు. కానీ శాఖ వైపు నుంచి చూడండి. ఆదాయం నాది కాదంటున్నాడు, ఆ ఆదాయం మీద కోసిన పన్ను మాత్రం నాదంటున్నాడు. పక్కింటివాళ్లు పోయించుకున్న పాలు మావి కావని చెబుతూ, ఆ పాలకి వాళ్లిచ్చిన డబ్బు మాత్రం మన ఖాతాలో జమ వేసుకున్నట్టుంది. ఈ ఒక్క విషయం చూసుకోకుండా జవాబు పంపితే, మంచి జవాబు కూడా ఎందుకూ పనికిరాకుండా పోతుంది. మళ్లీ చెబుతున్నాను. ఏ ఆదాయం మీది కాదంటారో, దాని మీద కోసిన పన్ను కూడా మీరు వాడుకోకూడదు.

మూడో ముక్క 24,000. దీన్ని చూసి మాస్టారు కొంచెం వాదించారు. ఊళ్లో కొత్తగా బ్రాంచి తెరిచిన ఒక బ్యాంకులో అయిదేళ్లకి మూడున్నర లక్షలు వేశారు. ఏటా వడ్డీ చేతికివ్వరు. అసల్లో కలుపుతూ పోయి అయిదేళ్ల తర్వాత మొత్తం ఒక్కసారే ఇస్తారు.

"చేతికి రాని డబ్బుకి పన్నేమిట్రా? పైగా పన్ను కూడా కోయలేదు. 26ఏఎస్‌లో లేదు" అన్నారు.

రెండు ప్రశ్నలూ సబబైనవే. రెండో ప్రశ్నతో మొదలుపెట్టాను. ఆ ఏడాది, అంటే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా, అరవై దాటిన వాళ్లకి ఒక బ్యాంకులో వడ్డీ 50,000 దాటితేనే కోత. 24,000 దాటలేదు, కోయలేదు. కోయనంత మాత్రాన పన్ను లేదని కాదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. కోత పడనిది 26ఏఎస్‌లో కనిపించకపోవచ్చు, ఏఐఎస్‌లో కనిపిస్తుంది. ఇప్పుడు ఆ 50,000 హద్దుని లక్ష చేశారు. కాబట్టి కోత పడని వడ్డీ ఇక మీదట ఇంకా ఎక్కువే ఉంటుంది. మరిచిపోయే అవకాశమూ అంతే.

ఇక చేతికి రాని వడ్డీ సంగతి. వడ్డీ ఏటికేడు లెక్కలోకి తీసుకోవచ్చు, లేదా చేతికొచ్చినప్పుడు తీసుకోవచ్చు. కానీ ఏదో ఒక పద్ధతి పట్టుకుని దాని మీదే ఉండాలి. మాస్టారు మిగతా డిపాజిట్లన్నింటికీ ఏటికేడే చూపిస్తున్నారు. దీనికొక్కదానికి వేరే పద్ధతి అంటే నప్పదు. పైగా అయిదేళ్ల వడ్డీ ఒకే ఏడాదిలో పడితే ఆ ఏడాది పన్ను శ్లాబు పెరిగిపోవచ్చు. ఈలోపు బ్యాంకు ఏటా రాస్తూనే ఉంటుంది, ఏటా ఈ సందేశం వస్తూనే ఉంటుంది. మాస్టారు కాసేపు వేళ్ల మీద లెక్కేసుకున్నారు. "సరే, ఇది నాదే. మరిచాను" అన్నారు. చుట్టాలొచ్చిన రోజు లీటరు పాలు.

అయిపోయింది. 60,000 రెండుసార్లు పడింది. 96,000 వేరేవాళ్లది. 24,000 మాస్టారిది. కూడితే లక్షా ఎనభై వేలు. అంత పెద్ద తేడాలో ఆయన నిజంగా చూపించకుండా వదిలేసింది 24,000 మాత్రమే. భయపడి మొత్తం ఒప్పేసుకుని ఉంటే తనది కాని 1,56,000 మీద కూడా పన్ను కట్టేవారు. కోపంతో మొత్తం కాదని ఉంటే, నిజంగా తనదైన 24,000 కూడా దాచినవారయ్యేవారు. తప్పుడు సమాచారం ఇచ్చి ఆదాయం తగ్గించి చూపారని తేలితే, ఎగ్గొట్టిన పన్నుకి రెండింతల జరిమానా పడే అవకాశం ఉంది. మరిచిపోవడం వేరు, అడిగాక కూడా లేదనడం వేరు.

ఇప్పుడు జవాబు. ముందు ఏఐఎస్‌లోనే చెప్పాలి. ప్రతి వరస పక్కనా ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది. నొక్కితే కొన్ని జవాబులు వస్తాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. రెండుసార్లు పడిన 60,000కి Information is duplicate / included in other information అన్నది ఎంచుకున్నాం. చెల్లెలి 96,000కి Information relates to other PAN/Year అన్నది ఎంచుకుని ఆవిడ పాన్ ఇచ్చాం. మరిచిపోయిన 24,000కి Information is correct. మూడు ముక్కలకి మూడు వేర్వేరు జవాబులు. అన్నింటికీ కలిపి ఒకే జవాబు నొక్కొద్దు. పంపాక రసీదు వస్తుంది, దాన్ని దాచుకోవాలి.

ఫీడ్‌బ్యాక్ పెట్టాం కదా, అయిపోయిందనుకోవద్దు. శాఖ మీ మాటని బ్యాంకుకి పంపి నిజమేనా అని అడగవచ్చు. బ్యాంకు తన లెక్క సరైనదే అంటే ఆ వరస అలాగే ఉంటుంది. చెల్లెలి డిపాజిట్ విషయంలో బ్యాంకు అలా అనే అవకాశం బాగా ఉంది. దాని దృష్టిలో మొదటి పేరు మాస్టారిదే కదా. అందుకే పాస్‌బుక్కు కాపీలు మన దగ్గరుండాలి.

తర్వాత ఉత్తరం రాశాం. e-Proceedings లో నోటీసొస్తే ఇలాంటి ఉత్తరమే జత చేయాలి. మాస్టారు ఇంటి దగ్గర్నుంచి ఒకటి రాసి తెచ్చారు. రెండు పేజీలుంది. మొదటి పేజీ నిండా ముప్పై ఆరేళ్ల సర్వీసు, నిజాయితీ, ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం. అధికారికి వాటితో పని లేదు. ఆయన ముందు ఒక అంకె ఉంది, దానికి సమాధానం కావాలి. మాస్టారికి చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాను, కానీ చెప్పాను. ఆయనే నవ్వి, "స్టెప్పులు లేకుండా ఆన్సరు రాస్తే నేను మీకు మార్కులేసేవాణ్ణి కాదు కదూ" అని కాగితం తిరగేసి కొత్తగా మొదలుపెట్టారు.

అర పేజీలో అయిపోయింది. ఇలా ఉంది ఆ ఉత్తరం.

"మీరు చూపించిన తేడా 1,80,000 రూపాయలు. ఇందులో మూడు భాగాలున్నాయి. మొదటిది 60,000. ఇది నేను ఇదివరకే చూపించిన డిపాజిట్ వడ్డీ. రెండు లెక్కల్లో రెండుసార్లు నమోదైంది. బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్ జత చేశాను. రెండోది 96,000. ఇది మా చెల్లెలి సొమ్ము మీద వడ్డీ. డిపాజిట్లో నా పేరు మొదట ఉన్నందువల్ల నా పాన్ కింద వచ్చింది. ఆమె ఖాతాలోంచి సొమ్ము వెళ్లినట్టు, వడ్డీ ఆమె ఖాతాకే చేరుతున్నట్టు పాస్‌బుక్కు పేజీలు జత చేశాను. దీనిపై కోసిన 9,600 పన్నును పొరపాటున నేను తగ్గించుకున్నాను, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మూడోది 24,000. ఇది నా ఆదాయమే, చూపించడం మరిచిపోయాను. సవరించిన రిటర్ను వేసి పన్ను కట్టాను. చలానా జత చేశాను."

విన్నారు కదా. ఒక్కో ముక్కకి ఒక మాట, ఆ మాటకి ఒక కాగితం. బతిమాలడం లేదు, తిట్టడం లేదు. తన తప్పు తనే ముందు చెప్పుకోవడం వల్ల మిగతా రెండు మాటలకీ బలం వచ్చింది.

సవరించిన రిటర్ను అన్నాను. దాని లెక్క కూడా చెప్పేస్తాను. మాస్టారు పాత పన్ను విధానంలో ఉన్నారు. ఆయన ఆదాయం 20 శాతం శ్లాబులో ఉంది. పెద్దవాళ్లకి వడ్డీ మీద ఇచ్చే 50,000 మినహాయింపు మొదటి 90,000లోనే అయిపోయింది. కాబట్టి 24,000 మీద పన్ను 4,800. దాని మీద సెస్సు 4 శాతం, 192. మొత్తం 4,992. దీనికి వెనక్కి ఇచ్చిన 9,600 కలిపితే 14,592. ఇదే ఆయన కట్టింది. అరవై దాటి, వ్యాపార ఆదాయం లేనివాళ్లకి ముందస్తు పన్ను కట్టే బాధ్యత లేదు, అందుకని అది కట్టనందుకు వేసే వడ్డీ కూడా పడలేదు.

అయితే ఆయన అదృష్టం ఏమిటంటే, సందేశం నవంబరులో వచ్చింది. ఆ సంవత్సరానికి రిటర్ను సవరించుకునే గడువు 2025 డిసెంబరు 31. గడువు లోపల పడ్డారు. ఆ తేదీ దాటితే మిగిలేది అప్‌డేటెడ్ రిటర్ను. అది వేయవచ్చు గానీ అదనపు పన్నుతో వేయాలి. అసెస్‌మెంటు సంవత్సరం ముగిశాక మొదటి ఏడాదిలో వేస్తే, కట్టాల్సిన పన్ను, వడ్డీ కలిపి దాని మీద ఇంకో 25 శాతం. రెండో ఏడాదిలో 50 శాతం, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70. మాస్టారు ఆలస్యం చేసుంటే 14,592 మీద కనీసం 3,648 ఎక్కువ కట్టాల్సి వచ్చేది. ఇంకో సంగతి, అప్‌డేటెడ్ రిటర్ను పన్ను పెంచుకోవడానికే పనికొస్తుంది. పన్ను తగ్గించుకోవడానికి గానీ రిఫండు అడగడానికి గానీ పనికిరాదు.

ఈ ఆఖరి మాట చెల్లెలి విషయంలో చాలా ముఖ్యం. ఆవిడ ఆదాయం పన్ను పడేంత లేదు. ఆ 9,600 ఆవిడకి తిరిగి రావాల్సిన డబ్బు. కానీ ఆవిడ అసలు రిటర్నే వేయలేదు. డిసెంబరు 31 దాటితే ఆ డబ్బు అడిగే మామూలు దారి మూసుకుపోతుంది. అందుకని ఇద్దరి రిటర్నులూ ఒకే రోజు వేశాం. ఐటీఆర్-2 ఫారంలో కోత వేరే వ్యక్తి పేరున పడితే చూపించడానికి గడి ఉంది. మాస్టారి రిటర్నులో ఆ 9,600 చెల్లెలికి చెందుతుందని రాశాం. చెల్లెలి రిటర్నులో అది అన్నయ్య పాన్ కింద పడిందని రాశాం. ఆదాయం, కోత రెండూ ఒకే మనిషి దగ్గరికి చేరాయి.

ఇప్పుడు 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకొచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. అయితే అంతకు ముందు ఏళ్ల వ్యవహారాలు పాత చట్టం కిందే నడుస్తాయి. మీకు పాత ఏడాది మీద ఉత్తరమొస్తే అందులో పాత సెక్షన్లే ఉంటాయి, కంగారుపడకండి. ఉత్తరంలో ముందు చూడాల్సింది సెక్షన్ నంబరు కూడా కాదు. అది ఏ సంవత్సరానిది, జవాబుకి ఎన్నాళ్లు గడువుంది, ఏ అంకె గురించి అడుగుతోంది, ఈ మూడూ చూడండి.

జనవరిలో మాస్టారు చెల్లెల్ని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్లారు. వడ్డీ ఎవరి ఆదాయమో, కోత ఎవరి పేరున వేయాలో చెబుతూ మొదటి పేరున్న మనిషి బ్యాంకుకి ఒక డిక్లరేషన్ ఇవ్వవచ్చు. అది ముందే ఇచ్చుంటే ఈ కథే లేదు. కౌంటర్లో ఉన్న అబ్బాయికి ఆ సంగతి తెలియదట. మేనేజరు దగ్గర కూర్చుని మాస్టారే వివరంగా చెప్పి, సంతకం పెట్టి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని బయటికొచ్చారు. డిపాజిట్ గడువు తీరి మళ్లీ వేసేటప్పుడు మొదటి పేరు చెల్లెలిదే రాయిస్తానన్నారు.

"అన్నయ్య పేరు కింద రాస్తే ఏం బావుంటుంది?" అందట ఆవిడ.